‘ఒకటే’నా, ‘ఒక్కటే’నా? నోటి పాటను రేకు పాఠంతో సరిచూడటం ఎలా

చెన్నైలో తెలుగు భజన జరిగితే అన్నమయ్య ‘తందనాన’ రాకుండా పోవడం అరుదు. అందరికీ వచ్చిన పాట కాబట్టి ఎవరూ కాగితం తెరవరు. మాటలు జారేది అక్కడే. ఒకరు ‘బ్రహ్మమొకటే’ అంటే పక్కవారు ‘బ్రహ్మమొక్కటే’ అంటారు, ఇంకొకరు ‘కడిగి యేనుగుమీద’ అని ఏనుగుకు స్నానం చేయిస్తారు. ఈ పాటనే ఉదాహరణగా తీసుకుని, మీ మండలి పాడే పాఠాన్ని మూలంతో ఎలా పోల్చాలో, తేడా కనిపించినప్పుడు ఏది నిలబెట్టాలో ఎలా తేల్చుకోవాలో చూద్దాం. ఒక పాటకు రెండు సాయంత్రాలు పడుతుంది. సంగీతం రాకపోయినా ఫరవాలేదు, తెలుగు చదవడం వస్తే చాలు.

ముందు నోరు ఏమంటోందో రాసుకోండి

చాలామంది మొదటే పుస్తకం తెరుస్తారు. అలా చేయకండి. అచ్చు పాఠం ఒకసారి కంట్లో పడితే, ఆ తర్వాత చెవికి కూడా అదే వినిపిస్తుంది. మొదట మీ వాళ్లు పాడేదాన్ని ఫోనులో రికార్డు చేయండి. గుంపుగా పాడించి రికార్డు చేస్తే ముందు గొంతు మిగతావాటిని కప్పేస్తుంది కనుక, ముగ్గురు నలుగురి చేత విడివిడిగా పాడించండి. కాగితం చూడకుండా పాడమనండి. తర్వాత వేగం 0.75కి తగ్గించి వింటూ, ఒక్కో పాదాన్ని ఒక్కో వరుసగా రాయండి. అర్థం కాని మాట వస్తే అర్థమయ్యేలా సరిచేయకండి. ‘అంటనే’ అని వినిపిస్తే ‘అంటనే’ అనే రాయండి. ఆ తప్పే రేపు మీకు సాక్ష్యం.

రాసేది తెలుగు లిపిలోనే రాయాలి. చెన్నైలో ఈ సంగతి నొక్కి చెప్పాల్సి వస్తుంది, ఎందుకంటే ఇక్కడ మూడో తరం పిల్లల్లో ఎక్కువమంది పాట నోటుపుస్తకంలో తమిళ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకుంటారు. తమిళంలో ట, డలకు ఒకే అక్షరం. క గ, త ద, ప బ కూడా అంతే. పైగా అనునాసికం తర్వాత వచ్చే హల్లును తమిళ నాలుక సహజంగానే సరళంగా పలుకుతుంది. అందుకే ‘బంటునిద్ర’ తమిళ లిపిలోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి ‘బండునిద్ర’ అవుతుంది. దీన్ని తప్పించడానికే తమిళ సంగీత పుస్తకాల్లో అక్షరం పక్కన 1, 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు, కానీ ఇంట్లో నోటుపుస్తకం రాసుకునేవారు ఆ అంకెలు వేయరు. ఇంగ్లీషు అక్షరాల చిక్కు వేరు. అక్కడ ట, త ఒకటైపోతాయి, దీర్ఘాలు మాయమవుతాయి. కాబట్టి ప్రతి గాయకుడూ పాటను ఏ లిపిలో నేర్చుకున్నారో పక్కన రాసి పెట్టుకోండి. తర్వాత ఒక తేడా ఎక్కడ పుట్టిందో చెప్పేది చాలాసార్లు ఆ ఒక్క మాటే.

మూలం అంటే ఏది

అన్నమయ్య విషయంలో మనకు దొరికిన అదృష్టం రాగిరేకులు. తిరుమల గుడిలోని సంకీర్తన భండారంలో దాచిన ఆ రేకుల మీద పాట సాహిత్యం, పైన రాగం పేరు చెక్కి ఉన్నాయి. స్వరాలు లేవు. కాబట్టి రేకులతో మాటలనే సరిచూడగలం, వరుసను కాదు. ‘ఈ సంగతి అన్నమయ్య పాడినట్టు లేదు’ అని ఎవరైనా అంటే ఆ వాదనలోకి దిగకండి.

రేకులను మీరు చూడనక్కర్లేదు. వాటిని చదివి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించగా తిరుమల తిరుపతి దేవస్థానం సంపుటాలుగా అచ్చువేసింది. ‘తాళ్లపాక పదసాహిత్యం’ అన్న పేరుతో అవి దొరుకుతాయి. అందులో ప్రతి పాటకూ రాగం, రేకు సంఖ్య ఉంటాయి. చెన్నైలో ఉన్నవారు టి.నగర్ వెంకటనారాయణ రోడ్డులోని దేవస్థానం సమాచార కేంద్రంలో పుస్తకాల కోసం అడగవచ్చు, లేదా ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో తెలుగు విభాగంలో వెతకవచ్చు. తెర మీద చూడాలంటే te.wikisource.org, andhrabharati.com ఉన్నాయి. వికీసోర్స్‌లో టైపు చేసిన పాఠం పక్కన అచ్చు పుట బొమ్మ కూడా ఉంటే ఆ బొమ్మనే నమ్మండి, టైపును కాదు.

వెతికేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, పాటను జనం పిలిచే పేరు ఒకటి, సూచికలో ఉండేది ఒకటి. ఈ పాట చాలామందికి ‘బ్రహ్మమొక్కటే’, కానీ అకారాది సూచికలో ‘త’ దగ్గర చూడాలి. రెండోది, అచ్చులో పదాలు విడగొట్టే పద్ధతి. ‘బ్రహ్మ మొకటే’, ‘చండాలు డుండేటి’, ‘హీనాధికము లిందు లేవు’ అని సంధి దగ్గర ఖాళీ వదులుతారు. మీరు కలిపి టైపు చేస్తే తెర మీద దొరకదు. అందుకని పల్లవి వదిలేసి, చరణం మధ్యలో మార్పుకు లొంగని ఒక మాట ఎంచుకోండి. ఈ పాటకు ‘దుష్టాన్నములు’ అని వెతికితే వెంటనే దొరుకుతుంది.

సాహిత్యం పెట్టే సైట్లు అయిదారు ఒకే మాట చెప్పినంత మాత్రాన అది అయిదారు సాక్ష్యాలు కాదు. ఒకరి నుంచి ఒకరు దించుకుంటారు. ఎలా పట్టుకోవాలంటే, ఎవరూ కావాలని చేయని ఒక అచ్చుతప్పును చూడండి. అదే తప్పు, అదే చోట నాలుగు సైట్లలో ఉంటే ఆ నాలుగూ కలిపి ఒక్క సాక్ష్యమే.

తేడా కానివాటిని పక్కన పెట్టండి

ఇప్పుడు అచ్చు పాఠాన్ని మీ వరుసల పక్కన రాయండి. చూడగానే ముప్పై నలభై తేడాలు కనబడి కంగారు పుడుతుంది. వాటిలో సగానికి పైగా తేడాలే కావు.

అచ్చులో ‘వొనర’, ‘యెండ’ అని ఉంటుంది, మీరు ‘ఒనర’, ‘ఎండ’ అని రాస్తారు. పలుకు ఒకటే, రాత వేరు. ‘వరుసఁ బరిమళముపై’ అని అరసున్నతో ఉంటే, అది ‘పరిమళము’ మాటే, ముందున్న నకారం వల్ల ప కాస్తా బ అయింది. ‘పుడమి శునకముమీద బొలయు’ అన్నదీ అంతే, అసలు మాట ‘పొలయు’. ఇవి వ్యాకరణం చేసిన మార్పులు. మీ వాళ్లు ‘పరిమళము’ అనే పాడుతుంటే దాన్ని పాఠభేదంగా లెక్కించకండి, పెన్సిల్‌తో ‘సంధి’ అని రాసి ముందుకు సాగండి.

కానీ విడగొట్టిన పదాలు చదివేవారిని మోసం చేస్తాయి. ‘గొను నాక లొకటే’ అన్నది ‘కొనే ఆకలి ఒకటే’. దాన్ని ‘నాకలొకటే’ అని ఒక ముద్దగా కాగితం మీద రాసిస్తే, ‘నాకు’ అన్న అర్థంతో పాడే పిల్లలుంటారు. అలాగే చివరి చరణంలో ‘సరి గావ’. ఇది ‘సరిగా’ కాదు. ‘కావ’ అంటే కాపాడటానికి. పుణ్యులను, పాపకర్ములను సమంగా కాపాడటానికి ఉన్నది ఆ నామం ఒక్కటే అన్నది భావం. ‘సరిగాను’ అని పాడితే వాక్యంలో క్రియ పోయి, ‘పాపకర్ములను’ అన్న మాటకు ఆధారం లేకుండా పోతుంది. ఇది రాత తేడాలా కనిపిస్తుంది కానీ నిజమైన మార్పే.

ప్రాస, యతి చెప్పే సాక్ష్యం

మిగిలిన తేడాల్లో ఎవరిది నిజమో తేల్చడానికి తెలుగు పాటలోనే రెండు కాపలాలున్నాయి. మొదటిది ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం. ఒక చరణంలోని నాలుగు పాదాలకూ అది ఒకే హల్లు కావాలి. ఈ పాట రెండో చరణం చూడండి:

నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే
అండనే బంటునిద్ర అదియు నొకటే
మెండైన బ్రాహ్మణుడు మెట్టుభూమి యొకటే
చండాలు డుండేటి సరిభూమి యొకటే

నాలుగింటా ‘ండ’ ఉంది. కాబట్టి మీ రికార్డులో ‘అంటనే’ వచ్చిందంటే పుస్తకం చూడకుండానే అది తప్పు అని చెప్పవచ్చు. ‘అండనే’ అంటే పక్కనే, దగ్గరే. రాజుగారి పక్కనే బంటు పడుకున్నాడు.

ప్రాసకు ఇంకో నియమం ఉంది. మొదటి అక్షరం బరువు కూడా నాలుగు పాదాల్లో ఒకేలా ఉండాలి. నాలుగో చరణంలో పాదాలు ‘కొరలు’, ‘తిరుగు’, ‘పరగ’, ‘వరుస’ అని మొదలవుతాయి, అన్నిటా మొదటి అక్షరం తేలిక. ‘కొరలు’ అన్న పాత మాట తెలియక ఎవరైనా ‘కొర్రలు’ అని పాడితే, రెండో అక్షరం ద్విత్వమై ప్రాస చెడుతుంది, మొదటి అక్షరం బరువెక్కుతుంది. మిల్లెట్లు మళ్లీ ఇంటింటా ఉడుకుతున్న ఈ రోజుల్లో ఆ పొరపాటు సులభమే. ఇక్కడ ‘కొరలు’ అంటే ఒప్పు, తగిన.

రెండో కాపలా యతి. పాదంలో మొదటి అక్షరానికి మధ్యలో ఒకచోట జోడీ అక్షరం వస్తుంది. ఎక్కడ వస్తుందో తెలియాలంటే మాత్రలు లెక్కపెట్టాలి. అది కష్టం కాదు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. సున్న ఉన్న అక్షరానికి రెండు. అదే మాటలో సంయుక్తాక్షరానికి గాని ద్విత్వానికి గాని ముందున్న అక్షరానికీ రెండే. ‘తిరుగు దుష్టాన్నములు తినునాక లొకటే’ అన్న పాదాన్ని ఇలా విడగొట్టండి: తిరుగుదు | ష్టాన్నములు | తినునాక | లొకటే. మొదటి మూడు ముక్కలకూ అయిదేసి మాత్రలు, చివరి ముక్కకు నాలుగు. ‘దు’ తర్వాత ‘ష్టా’ ఉంది కనుక దానికి రెండు మాత్రలు పడ్డాయి. మూడో ముక్క మొదట్లో ‘తి’ ఉంది చూడండి, అదే యతి. పాదం మొదట్లోని ‘తి’కి జోడీ.

మిగతా పాదాలకూ ఇదే కొలత వేసి చూడండి. ‘కొరలు’కు ‘గొను’, ‘పుడమి’కి ‘పొలయు’, ‘ఘన’కు ‘కామ’, ‘చండాలు’కు ‘సరి’. క గ ఒక గుంపు, ప బ వ ఒక గుంపు, చ జ శ స ఒక గుంపు. ఒకే గుంపులోని హల్లులు కనుక వాటికి చెల్లుబాటు ఉంది. అచ్చులు కూడా అ ఆ ఐ ఒక గుంపు, ఇ ఈ ఎ ఏ ఒక గుంపు, ఉ ఊ ఒ ఓ ఒక గుంపు. చివరి పాదం ‘జడియు శ్రీ | వేంకటే | శ్వరు నామ | మొకటే’ కూడా అచ్చంగా ఇదే కొలతలో ఉంది, ‘జ’కు ‘శ్వ’ జోడీ పడింది.

ఇప్పుడు మీ రికార్డులో ‘అలా కామసుఖ మొకటే’ అని వచ్చిందనుకోండి. ‘అనుగు దేవతలకును అలకామసుఖ మొకటే’ అన్న పాదంలో మూడో ముక్క ‘అలకామ’, సరిగ్గా అయిదు. ‘అలా’ అంటే ఆరు అవుతుంది. ఇక్కడ ‘అల’ అంటే ‘ఆ’ అని చూపించే పాత మాట. అది వాడుకలో పోయింది కనుక నోరు తనకు తెలిసిన ‘అలా’ వైపు జరిగింది.

ఇక అసలు చిక్కు

‘ఒకటే’, ‘ఒక్కటే’ తగువు దగ్గర యతిప్రాసలు చేతులెత్తేస్తాయి. ఆ మాట పాదం చివర ఉంటుంది, అక్కడ వాటికి పని లేదు. అచ్చు పాఠం పల్లవిలోనూ పాదాల చివరా ‘ఒకటే’ అనే చెబుతుంది. అయినా ముప్పై ఏళ్లుగా ‘ఒక్కటే’ అని పాడిస్తున్న పెద్దాయన ‘రేకు చెక్కినవాడే తప్పు చెక్కాడేమో’ అంటే జవాబు ఉండాలి. చెక్కేవాళ్లూ పొరబడతారు కనుక అది అర్థం లేని ప్రశ్న కూడా కాదు.

జవాబు పాటలోనే ఉంది. పాదం చివరి ముక్కలో నాలుగే మాత్రలున్నాయని చూశాం. ‘లొకటే’ అంటే 1+1+2. అయిదో మాత్ర ఖాళీ. పాడేటప్పుడు ఆ ఖాళీని ‘టే’ని సాగదీసి నింపుతాం. ‘లొక్కటే’ అంటే 2+1+2, అయిదూ నిండిపోతాయి, సాగదీసే పని లేదు. నోరు ద్విత్వం వైపు ఎందుకు జారిందో ఇక్కడ అర్థమవుతుంది. ఖాళీ ఉన్నచోట దాన్ని నింపే మాట వచ్చి కూర్చుంది. వాడుకలో కూడా ‘ఒక్కటే’ అని నొక్కి పలకడం మనకు అలవాటే.

అయితే మరి అన్నమయ్యే ‘ఒక్కటే’ అని ఉండకూడదా? రెండు చోట్ల చూడండి. మొదటిది మూడో చరణం చివరి పాదం: ‘వొనర నిరుపేదకును వొక్కటే అవియు’. ముక్కలు చేస్తే వొనరనిరు | పేదకును | వొక్కటే | అవియు. ఇక్కడ ఆ మాట పాదం మధ్యలో పడింది, అయిదు మాత్రలు నిండాలి. నిండాలి కనుకనే కవి ద్విత్వం వేశాడు. అంటే ఆయన దగ్గర రెండు రూపాలూ ఉన్నాయి, కొలత ఎక్కడ ఏది అడిగితే అది వాడాడు. రేకు చెక్కినవారు ద్విత్వాన్ని చూసి చూడనట్టు వదిలేసేవారే అయితే ఇక్కడా వదిలేసి ఉండేవారు.

రెండోది ‘మెండైన | బ్రాహ్మణుడు | మెట్టుభూ | మియొకటే’ అన్న పాదం. భూమిలోని ‘మి’ చివరి ముక్కలోకి వచ్చింది కనుక ‘ఒకటే’తోనే అయిదు నిండిపోయాయి. ఇక్కడ ‘ఒక్కటే’ అంటే ఆరు. మీ వాళ్ల చేత తాళం వేయిస్తూ ఈ పాదం పాడించండి. ‘ఒక్కటే’ అలవాటున్నవారు ఇక్కడ ‘భూమి’ని ‘భుమి’ అని కుదిస్తారు, లేదా తర్వాతి పాదం ఎత్తుగడ ఆలస్యమవుతుంది. మార్పు వచ్చిన మాట ఒకటి, దెబ్బ తగిలే మాట దాని పక్కది.

పల్లవి కూడా ఈ వైపే ఉంది. ‘తందనా | న ఆహి’ అన్నది అయిదు, నాలుగు. ‘బ్రహ్మమొక | టే పర’ అన్నదీ అయిదు, నాలుగే. రెండు వరుసలూ ఒకదాని అచ్చులో ఒకటి పోసినట్టున్నాయి. ‘బ్రహ్మమొ | క్కటే పర’ అంటే అయిదు, అయిదు అవుతుంది. వినడానికి అందంగానే ఉంటుంది, అందుకే నిలిచిపోయింది, కానీ తందనాన నడకతో ఆ జోడీ పోతుంది.

మాత్రల లెక్కను ఎంతవరకు నమ్మాలో కూడా తెలిసి ఉండాలి. ఇది పద్యం కాదు, పాట. ‘నిండార రాజు నిద్రించు’ పాదం ఇరవై ఒక్క మాత్రలకు వెళుతుంది, ‘అండనే బంటునిద్ర’ పాదం పద్దెనిమిదికే ఆగుతుంది. అలాంటి పాదంలో ఒక మాత్ర ఎక్కువ తక్కువ ఆధారంగా మాట మార్చకూడదు. కొలత కచ్చితంగా నడిచే పాదాలు చుట్టూ ఉండి, ఒక్కచోట అది చెడినప్పుడే ఆ లెక్కకు బలం.

కొలత కూడా ఏమీ చెప్పలేని చోటు

‘కడగి యేనుగుమీద కాయు యెండొకటే’. దీన్ని ‘కడిగి’ అని పాడితే ప్రాస ‘డ’ చెడదు, యతి ‘క’ చెడదు, మాత్రలు మూడే. మూడు పరీక్షలూ నెగ్గే తప్పు ఇది. ఇక్కడ నిఘంటువు తీయాలి. ‘కడగు’, అరసున్న పెట్టి రాస్తే ‘కడఁగు’, అంటే పూనుకొను. ‘కడుగు’ అంటే నీళ్లతో శుభ్రం చేయు, దాని నుంచి వచ్చేది ‘కడిగి’. ఎండ ఏనుగును కడగదు. వాక్యంలో కర్త ఎవరని అడిగితే ఈ పాఠం నిలవదు. andhrabharati.com నిఘంటువులో మాట వెతికేటప్పుడు పాటలోని రూపాన్ని కాక ధాతువును ఇవ్వండి. ‘కడగి’ అని కాక ‘కడగు’, ‘పొలయు’ దొరక్కపోతే ‘పొలయ’తో మొదలయ్యే మాటలు.

‘మెట్టుభూమి’ని ‘మెట్టభూమి’ అని పాడటం కూడా ఇలాంటిదే. మెట్టపొలం తెలిసినవారికి ఆ మాట ఎంతో సహజంగా వినిపిస్తుంది, కొలతా సరిపోతుంది. తేల్చేది కింది పాదం. అక్కడ ‘చండాలు డుండేటి సరిభూమి’ అని ఉంది, అంటే అతను ఉండే భూమి. దానికి జోడీగా పైన బ్రాహ్మణుడు మెట్టే భూమి, అడుగుపెట్టే భూమి కావాలి. ‘మెట్ట’ అంటే బ్రాహ్మణుడికి క్రియ లేకుండా పోతుంది. అన్నమయ్య ఈ పాటంతా జోడీలుగా కట్టాడు కనుక, ఒక పాదంలో సందేహం వస్తే దాని జంట పాదాన్ని అడగడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. జోడీలు లేని పాటల్లో ఈ దారి దొరకదు.

ఇంకో సంగతి. కొన్ని చోట్ల ఈ చరణంలో కులం పేర్లు వచ్చే పాదాలను కావాలనే వదిలేస్తారు, లేదా మాట మారుస్తారు. అది నోటి జారుడు కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. మీ పట్టికలో దాన్ని తప్పుల కింద వేయకుండా విడిగా రాయండి. దాని మీద చర్చ వేరు, దానికి ఈ పరీక్షలతో పని లేదు.

కాగితం మీద పెట్టడం

చివరికి మిగిలేవి అయిదారు మాటలే. ఒక్కో మాటకూ నాలుగు విషయాలు రాయండి: మీ వాళ్లు పాడేది, అచ్చులో ఉన్నది, ఏ పరీక్షలో తేలింది, మీ నిర్ణయం. ‘అంటనే, అండనే, ప్రాస, మార్చాలి’ అన్నంత క్లుప్తంగా ఉంటే చాలు. పైన సంపుటం, పుట, రేకు సంఖ్య, అచ్చయిన సంవత్సరం తప్పకుండా వేయండి. పునర్ముద్రణల్లో పుటల సంఖ్యలు మారుతుంటాయి, రేకు సంఖ్య మారదు.

పాడే ప్రతి మాత్రం వేరుగా తయారుచేయండి. అందులో అచ్చు పుస్తకంలోలా సంధి దగ్గర విడగొట్టకుండా, ఊపిరి తీసుకునే చోట విడగొట్టండి. ‘తినునాకలొకటే’ అని రాసి, కింద చిన్న అక్షరాల్లో ‘తినే ఆకలి ఒకటే’ అని అర్థం వేస్తే ‘నాకు’ అన్న అపార్థం రాదు. తమిళ లిపిలో కావాలన్నవారికి అంకెలు వేసిన ప్రతి ఇవ్వండి, అందులో ముఖ్యంగా ‘బంటు’, ‘మెట్టు’ల దగ్గర ట అంకె ఒకటి, ‘అండనే’, ‘కడగి’ల దగ్గర మూడు ఉన్నాయో లేదో రెండుసార్లు చూడండి.

అన్నీ ఒకేసారి మార్చమని అడగకండి. అర్థం చెడగొట్టేవి ముందు: అండనే, కడగి, మెట్టు, సరి గావ. ‘ఒక్కటే’ ఆఖరున. పల్లవిలో అది గట్టిగా పాతుకుపోయి ఉంటే కనీసం ‘మెట్టుభూమి యొకటే’ దగ్గర ఒత్తు తీయించండి, తాళం అక్కడే తప్పుతోంది కాబట్టి దానికి ఎవరూ అడ్డుచెప్పరు. మూడు వారాల తర్వాత మళ్లీ ఆ నలుగురి చేతే, మళ్లీ కాగితం లేకుండా, విడివిడిగా పాడించి రికార్డు చేయండి. పాత రికార్డు పక్కన పెట్టి వింటే ఏ మాట దిగిందో, ఏది మళ్లీ పాత చోటికే జారిందో తెలుస్తుంది.